పఠన మందిరానికి పెద్ద టీవీ: చివరి బెంచీ వాళ్లు స్క్రోలింగ్ చదవగలగాలి

కమిటీ సభ్యులందరికీ నమస్కారం. అందరూ కలిసి వార్తలు చూసేందుకు పఠన మందిరంలో ఒక పెద్ద టీవీ పెట్టాలని పోయిన సమావేశంలో అనుకున్నాం. ఏది కొనాలి, ఏ గోడకు బిగించాలి అన్నది తేల్చే పని నాకు అప్పజెప్పారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 65 అంగుళాల మామూలు ఎల్ఈడీ టీవీ, పక్కనుంచి చూసినా రంగు వెలిసిపోని ప్యానెల్ ఉన్నది కొని, పడమటి గోడకు మధ్యలో బిగిద్దాం. మాటలు స్పష్టంగా వినపడడానికి విడిగా ఒక సౌండ్‌బార్ తీసుకుందాం. ఇదే ఎందుకు, మిగతావి ఎందుకు కాదు అన్నది కింద రాశాను. చదివి, ఒప్పుకోని విషయం ఉంటే వచ్చే సమావేశంలో చెప్పండి.

టీవీ షాపులో నిలబడి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. అక్కడ వేసి ఉంచేది వార్తలు కాదు. రంగురంగుల చేపలు, పూలు, జలపాతాలు. మనం టీవీకి నాలుగైదు అడుగుల దూరంలో ఉంటాం, పైగా దాని ఎదురుగానే నిలబడతాం. మన గదిలో పరిస్థితి వేరు. చూసేవాళ్లు పాతిక ముప్పై మంది, అందులో సగం మంది కళ్లద్దాల వాళ్లు. వార్తల ఛానెల్లో అసలు సమాచారం చాలావరకు తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో ఉంటుంది. అందుకని చివరి బెంచీలో కూర్చున్న పెద్దాయన ఆ అక్షరాలను కళ్లు చికిలించకుండా చదవగలడా లేదా అన్నదే నేను కొలతగా పెట్టుకున్నాను. షాపువాళ్లు చెప్పే మిగతా గొప్పలన్నీ దీని తర్వాతే.

సైజు ఎలా తేల్చాం

మన గది పొడవు 24 అడుగులు, వెడల్పు 15 అడుగులు. తలుపు తూర్పు గోడలో ఉత్తరపు మూల ఉంది. దక్షిణపు గోడలో రెండు కిటికీలు. ఉత్తరపు గోడ పొడవునా పుస్తకాల బీరువాలు. పత్రికలు చదివే బల్లలను తలుపు వైపు ఎనిమిది అడుగుల్లో సర్దితే, టీవీ చూసేవాళ్లకు పడమటి గోడ నుంచి 16 అడుగుల మేర మిగులుతుంది. అంటే చివరి బెంచీ దూరం 16 అడుగులు.

టీవీని ఐమూలగా కొలిచి అంగుళాలు చెబుతారు. మనకు కావలసింది తెర ఎత్తు. 43 అంగుళాల టీవీ తెర ఎత్తు సుమారు 21 అంగుళాలు, 55 అయితే 27, 65 అయితే 32, 75 అయితే 37. సమావేశ గదుల్లో తెరలు బిగించేవాళ్లు చాలాకాలంగా పాటించే ఒక లెక్క ఉంది. తెర మీద అక్షరాలు చదవాల్సి ఉంటే, ఆఖరి మనిషి తెర ఎత్తుకు ఆరు రెట్లకు మించిన దూరంలో ఉండకూడదు. ఊరికే బొమ్మ చూడడానికైతే ఎనిమిది రెట్ల దాకా ఫరవాలేదు. ఈ లెక్కన 55 అంగుళాల టీవీలో అక్షరాలు పదమూడున్నర అడుగుల దాకా చదవొచ్చు. 65 అంగుళాలది సరిగ్గా 16 అడుగుల దాకా పనికొస్తుంది. 75 అంగుళాలది పద్దెనిమిదిన్నర అడుగుల దాకా ఇబ్బంది పెట్టదు.

ఈ లెక్క ఎక్కడో ఎవరో వేసింది, మన కళ్లకు సరిపోతుందా అని అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. దాన్ని తేల్చుకోవడానికి ఖర్చు లేని దారి ఒకటి ఉంది. 57 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల ఎత్తు ఉండేలా పాత పేపర్లు అతికించి గోడకు అంటించాలి. అది 65 అంగుళాల టీవీ తెర కొలత. షాపులో వార్తల ఛానెల్ పెట్టించి, ఆ సైజు టీవీ మీద స్క్రోలింగ్ అక్షరం ఎత్తును స్కేలుతో కొలిచి రావాలి. ఛానెల్‌ను బట్టి ఇది మారుతుంది గానీ 65 అంగుళాల తెర మీద ఒక అంగుళానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అదే ఎత్తులో, స్కెచ్ పెన్నుతో, పేపర్ అడుగున ఒక వాక్యం రాసి చివరి బెంచీ నుంచి చదివించాలి. వాక్యంలో వత్తులు ఎక్కువుండే మాటలు వేయండి. "రాష్ట్రంలో", "విద్యుత్తు", "వ్యవసాయోత్పత్తులు" లాంటివి. తలకట్టు దూరం నుంచి కూడా తెలుస్తుంది. కింద ఉండే చిన్న వత్తు దగ్గరే కన్ను తడబడుతుంది. అసలు అక్షరం అంగుళం ఉంటే వత్తు అందులో సగం కూడా ఉండదు. పైగా టీవీలో అది పరుగెడుతుంటుంది.

55 అంగుళాల తెర మీద అదే వాక్యం ముప్పాతిక అంగుళం నుంచి అంగుళం లోపు ఎత్తులో వస్తుంది. ముందు వరుసలకు అది బాగానే ఉంటుంది, చివరి రెండు వరుసలకు కష్టం. ఇక 75 అంగుళాల సంగతి. చదవడానికి అదే అన్నిటికన్నా సుఖం, అందులో సందేహం లేదు. కానీ ముందు వరుస తెరకు మరీ దగ్గరవుతుంది, బరువు పెరుగుతుంది, సైజు ఒక మెట్టు ఎక్కితే ధర రెండు మెట్లు ఎక్కుతుంది. మన గది ఇంకో రెండు అడుగులు పొడవుంటే నేనే దాన్ని అడిగేవాణ్ణి.

ప్రొజెక్టర్ పెడదామన్నవాళ్లకు ఒక మాట. పగటి వెలుతురులో ప్రొజెక్టర్ బొమ్మ పాలిపోతుంది. కిటికీలు మూసేస్తే పత్రికలు చదివేవాళ్లు చీకట్లో కూర్చోవాలి. కాబట్టి మనకు అది కుదరదు.

4కే, ఓలెడ్, ప్యానెల్ రకాలు

షాపులో అన్నిటికన్నా ముందు చెప్పేది 4కే గురించి, అంటే బొమ్మ హెచ్‌డీ కన్నా చిన్న చుక్కలతో ఉండడం. 65 అంగుళాల టీవీలు ఇప్పుడు దాదాపు అన్నీ 4కే గానే వస్తున్నాయి, కాబట్టి దాన్ని తప్పించుకోవడమూ కష్టమే. అయితే దాని కోసం ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వనక్కర్లేదు. వార్తల ఛానెళ్లు పంపేదే హెచ్‌డీ లేదా అంతకన్నా తక్కువ నాణ్యతలో. పైగా 16 అడుగుల దూరం నుంచి, చూపు బాగా ఉన్న మనిషి కన్ను కూడా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల కన్నా చిన్న చుక్కలను విడదీసి చూడలేదు. 65 అంగుళాల తెర మీద మామూలు హెచ్‌డీ చుక్కే ముప్పాతిక మిల్లీమీటరు ఉంటుంది. దాన్ని ఇంకా సగానికి కోస్తే మనకు ఒరిగేదేమీ లేదు.

ఓలెడ్ టీవీ విషయంలో మాత్రం గట్టిగా వద్దంటున్నాను. బొమ్మ అందంగా ఉంటుంది, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది, ఎటునుంచి చూసినా రంగు మారదు. సినిమాలు చూసే ఇంటికి అది మంచి వస్తువు. కానీ ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, వెలిగిన కొద్దీ కాస్త కాస్తగా అరుగుతుంది. వార్తల ఛానెల్లో మూలనున్న లోగో, అడుగున ఎర్రటి పట్టీ, గడియారం ఏళ్ల తరబడి ఒకే చోట కదలకుండా ఉంటాయి. అక్కడి చుక్కలు మిగతావాటి కన్నా ముందు అరిగిపోతాయి. కొన్నాళ్లకు వేరే కార్యక్రమం పెట్టినా ఆ పట్టీ మచ్చలాగా కనిపిస్తూనే ఉంటుంది. దీన్నే బర్న్ ఇన్ అంటారు. అది తుడిస్తే పోదు, వారంటీ కిందికి రాకపోవచ్చు కూడా. రోజూ గంటల తరబడి ఒకే రకం ఛానెల్ నడిచే చోట ఓలెడ్ పెట్టడం తెలిసి తెలిసి చేసే పొరపాటు.

మిగిలింది ఎల్ఈడీ అని పిలిచే మామూలు ఎల్‌సీడీ టీవీ. క్యూఎల్ఈడీ అని రాసి ఉన్నవీ లోపల ఇదే జాతి. వీటిలో ప్యానెల్ రెండు రకాలు. ఒకటి వీఏ, రెండోది ఐపీఎస్. వీఏలో నలుపు చిక్కగా ఉంటుంది. కానీ ఎదురుగా కూర్చుంటేనే ఆ అందం. పక్కకు జరిగిన కొద్దీ బొమ్మ వెలిసిపోయినట్టు, ముఖాలు పాలిపోయినట్టు కనిపిస్తాయి. ఐపీఎస్‌లో నలుపు కొంచెం బూడిదగా ఉంటుంది గానీ పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు. మన గదిలో ముందు చాపల మీద చివరన కూర్చునే పిల్లలు, ఆడవాళ్లు తెరను బాగా పక్కనుంచే చూడాలి. వెలుతురున్న గదిలో చిక్కటి నలుపు వల్ల లాభం ఎలాగూ తెలియదు. కాబట్టి మన ఓటు ఐపీఎస్‌కే.

తిప్పలు ఎక్కడంటే, ప్యానెల్ ఏ రకమో చాలా పెట్టెల మీద రాయరు. ఒకే మోడల్లో సైజును బట్టి ప్యానెల్ రకం మారడం కూడా ఉంది. అందుకని కాగితం మీద కాదు, కంటితో తేల్చుకోవాలి. షాపులో వార్తలు పెట్టించి, వార్తలు చదివే మనిషి ముఖం చూస్తూ తెర ఎదుట నుంచి మెల్లగా పక్కకు నడవండి. గోడకు దగ్గరగా వచ్చేసరికి ముఖం రంగు అలాగే ఉంటే సరే. తెల్లగా పిండి పూసినట్టు అయితే ఆ టీవీ మనకొద్దు. ఆ సమయంలో టీవీ పిక్చర్ మోడ్ "వివిడ్"లో ఉందేమో చూసి "స్టాండర్డ్"కు మార్పించండి. వివిడ్‌లో అన్ని టీవీలూ అందంగానే మోసం చేస్తాయి.

ఇంకో చిన్న పరీక్ష. టీవీ ఆపేయించి ఆ నల్లటి తెరలో మీ ముఖం ఎంత స్పష్టంగా కనిపిస్తోందో చూడండి. అద్దంలా కనిపిస్తే మన గదిలో కిటికీలూ అంతే స్పష్టంగా కనిపిస్తాయి. మసకగా, గరుకు గాజులో చూసినట్టు ఉంటే మంచిది.

ఆఫీసులు, దుకాణాల కోసం చేసే డిస్‌ప్లేలు తీసుకుంటే ఎలా ఉంటుందని ఒకరు అడిగారు. అవి వెలుగు ఎక్కువ ఇస్తాయి, రోజుకు పదహారు గంటలో ఇరవై నాలుగు గంటలో నడిచేలా తయారవుతాయి. కానీ చాలావాటిలో ఛానెళ్లు పట్టే ట్యూనర్ ఉండదు, స్పీకర్లు నామమాత్రం, ధర ఎక్కువ. మనం రోజుకు నాలుగైదు గంటలు నడుపుతాం. దానికి ఇంట్లో వాడే టీవీ చాలు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఇళ్లలో వాడే టీవీని బహిరంగ స్థలంలో పెడితే వారంటీ చెల్లదని కొన్ని కంపెనీల వారంటీ కార్డుల్లో ఉంటుంది. బిల్లు పఠన మందిరం పేరు మీద రాయించాలి. అక్కడ వాడినా వారంటీ వర్తిస్తుందని కొనేముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. నోటిమాట చాలదు.

ఏ గోడ

దీని మీదే సమావేశంలో ఎక్కువ వాదన జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

దక్షిణపు గోడ మీద, రెండు కిటికీల మధ్య పెడదామన్నారు. అక్కడ తెర మీద ప్రతిబింబాలు పడవు, నిజమే. కానీ చూసేవాళ్ల కళ్లు నేరుగా కిటికీల వెలుతురులోకి ఉంటాయి. ఆ వెలుతురుకు కంటిపాప ముడుచుకుంటుంది, మధ్యలో తెర చీకటిగా కనిపిస్తుంది. టీవీ వెలుగు ఎంత పెంచినా ఎండతో పోటీ పడలేదు. ఉత్తరపు గోడ అయితే దానికి సరిగ్గా ఎదురు. కిటికీలు రెండూ తెరలో దీపాల్లా మెరుస్తాయి. పైగా బీరువాలు జరపాలి. తూర్పు గోడ మీద, తలుపు పక్కన పెడితే వెలుతురు పరంగా ఫరవాలేదు. కానీ వచ్చేపోయే ప్రతి మనిషీ తెరకు అడ్డంగా నడుస్తాడు. వాన జల్లు, దుమ్ము కూడా అటునుంచే వస్తాయి.

పడమటి గోడకు ఉన్న లోపం తలుపే. తలుపు తెరిచి ఉంటే ఆ వెలుతురు తెరలో ప్రతిబింబిస్తుంది. అది ఎవరికి కనిపిస్తుంది, ఎవరికి కనిపించదు అన్నది తేల్చడానికి టీవీ కొనక్కర్లేదు. ఇంట్లో నిలువుటద్దం ఉంటే తెచ్చి, టీవీ వచ్చే చోట అడ్డంగా, గోడకు సమానంగా ఇద్దరు పట్టుకోవాలి. మిగతావాళ్లు వరుసల్లో కూర్చుని అద్దంలో ఏం కనిపిస్తోందో చెప్పాలి. మనం టీవీ పెట్టే వేళకే ఈ పని చేయాలి, ఎందుకంటే ఉదయం ఎండకూ సాయంత్రం ఎండకూ చాలా తేడా ఉంటుంది. గది ఆకారాన్ని బట్టి గీత గీసి చూస్తే తేలేదేమిటంటే, తలుపు ఉత్తరపు మూల ఉంది కాబట్టి అది దక్షిణం వైపు కూర్చున్న వాళ్లకే తెరలో కనిపిస్తుంది. కిటికీలు మాత్రం ఉత్తరపు గోడను ఆనుకుని కూర్చున్న కొద్దిమందికి తెర అంచున కనిపిస్తాయి. కిటికీల కోసం టీవీని అటూ ఇటూ జరిపితే ఒకరి బాధ తీరి ఇంకొకరికి మొదలవుతుంది. మధ్యలోనే ఉంచి, వార్తల వేళ తలుపు ఒక రెక్క మూసి, రెండో రెక్కకు ముదురు రంగు కర్టెన్ వేస్తే సరిపోతుంది. అన్నిటిలోకీ తక్కువ ఖర్చుతో తీరే లోపం ఇదే, అందుకే ఈ గోడ.

ఎంత ఎత్తున

బస్టాండ్లలో పెట్టినట్టు పైకప్పు దగ్గర పెట్టేద్దామంటే నేను ఒప్పుకోను. అరగంట మెడ ఎత్తి చూసినవాళ్లు రెండో రోజు రారు. అలాగని ఇంట్లో పెట్టినంత కిందికి పెడితే ముందువాళ్ల తలలు అడ్డం వస్తాయి. తలలు అడ్డం వచ్చేది కూడా తెర అడుగునే, అంటే సరిగ్గా స్క్రోలింగ్ ఉండే చోటే.

తెర కింది అంచు నేల నుంచి నాలుగు అడుగులు ఉండేలా పెడదాం. అప్పుడు తెర మధ్యభాగం అయిదు అడుగుల నాలుగు అంగుళాల ఎత్తున వస్తుంది. ముందు రెండు వరుసలు చాపలు, మొదటి చాప గోడకు తొమ్మిది అడుగుల దూరంలో మొదలవ్వాలి. అంతకన్నా దగ్గరైతే మెడ ఎక్కువ ఎత్తాల్సి వస్తుంది. వాటి వెనక బెంచీలు రెండు వరుసలు. చాపల మీద కూర్చున్నవాళ్ల తలలు బెంచీ వాళ్లకు అడ్డు రావు. ఇబ్బందల్లా ముందు బెంచీకీ వెనక బెంచీకీ మధ్యే. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను సుమారు మూడు ముప్పాతిక అడుగుల ఎత్తున ఉంటుంది, తల పైభాగం అంతకన్నా నాలుగైదు అంగుళాలు పైన. వెనకవాళ్లు ముందువాళ్ల తల మీదుగా స్క్రోలింగ్ చూడాలంటే టీవీని ఇంకో రెండు అడుగులు పైకి జరపాలి. అది కుదిరే పని కాదు. కాబట్టి వెనక బెంచీ వాళ్లు ముందువాళ్ల భుజాల మధ్య ఖాళీలోంచి చూసేలా సగం మనిషి పక్కకు జరిపి వేయాలి. నేల మీద పెయింటుతో గుర్తులు పెడితే ఊడ్చేవాళ్లు బెంచీలు జరిపినా మళ్లీ అక్కడికే వస్తాయి. కిందికి కాస్త వంచే వీలున్న టిల్ట్ వాల్ మౌంట్ తీసుకుంటే చాపల వాళ్లకు సుఖం, ట్యూబ్ లైట్ ప్రతిబింబం కూడా తప్పుతుంది.

బిగించే రోజు

ఈ సైజు టీవీ బరువు సుమారు 20 నుంచి 25 కిలోలు ఉంటుంది. మౌంట్ అందుకు రెట్టింపు మోసేది ఉండాలి. టీవీ వెనక బోల్టుల కోసం ఉన్న నాలుగు రంధ్రాల మధ్య దూరాన్ని వెసా కొలత అంటారు. అది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి టీవీ ఖాయమయ్యాకే మౌంట్ కొనాలి.

గోడకు డ్రిల్లు వేసేటప్పుడు మనవాళ్లు ఒకరు పక్కనే నిలబడి, రాలే పొడి రంగు చూడాలి. మొదట పైపూత సిమెంటు బూడిద రంగు పొడి వస్తుంది. తర్వాత ఎర్రటి పొడి వస్తే డ్రిల్లు ఇటుకలోకి వెళ్లినట్టు, అది మంచిది. ఎంత లోతు పోయినా బూడిద రంగే వస్తుంటే రెండు ఇటుకల మధ్య సందులో పడ్డట్టు. అక్కడ బోల్టు ఇవాళ గట్టిగా ఉన్నట్టనిపించి కొన్నాళ్లకు వదులవుతుంది, ఆ రంధ్రాన్ని వదిలి అంగుళం రెండంగుళాలు జరపాలి. డ్రిల్లు ఒక్కసారిగా ఖాళీలోకి దూసుకుపోతే లోపల బోలు ఇటుక ఉన్నట్టు, మామూలు యాంకర్ బోల్టులు దానికి పనికిరావు. అలాంటప్పుడు నేల మీద నిలబడే ఇనుప స్టాండే మేలు. టీవీ ఎక్కించకముందు మౌంట్‌ను ఒక పెద్దమనిషి రెండు చేతులతో పట్టుకుని బలంగా కిందికి లాగి చూడాలి. గోడ తడిగా ఉందేమో కూడా ముందే చూడాలి. వానాకాలంలో పడమటి గోడ లోపలివైపు చెమ్మ తేలుతుంటే బయట పూత బాగు చేయించాకే టీవీ సంగతి.

కరెంటు విషయంలో అందరూ స్టెబిలైజర్ గురించే అడుగుతున్నారు. టీవీ వెనక 100 నుంచి 240 ఓల్టులు అని రాసి ఉంటే మామూలు హెచ్చుతగ్గులను అది తనే తట్టుకుంటుంది. అసలు భయం ఒక్కసారిగా వచ్చే పెద్ద తాకిడి గురించి, ముఖ్యంగా ఉరుముల వేళ. దానికి సరైన ఎర్తింగ్ ఉన్న ప్లగ్గు, సర్జ్ ప్రొటెక్టర్ కావాలి. ఎర్తింగ్ లేని చోట సర్జ్ ప్రొటెక్టర్ పెట్టడం దండగ. ఉరిమేటప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు డిష్ లేదా కేబుల్ తీగ కూడా పీకాలి. ప్లగ్గు పీకి తీగ వదిలేస్తే పిడుగు తాకిడి ఆ తీగ వెంటే లోపలికి వస్తుంది. కరెంటు పోయినప్పుడు నడపడం పెద్ద భారం కాదు. 65 అంగుళాల టీవీ, సెటాప్ బాక్స్ కలిపి సుమారు 150 వాట్లు తింటాయి. మామూలు ఇన్వర్టర్ దాన్ని రెండు మూడు గంటలు తేలిగ్గా లాగుతుంది.

శబ్దం, ఛానెళ్లు

పఠన మందిరంలో టీవీ అంటే పత్రిక చదివేవాళ్లకు టెన్షన్. వాళ్ల ఫిర్యాదు న్యాయమైందే. వార్తల వేళలు పలక మీద రాసి పెడదాం. మిగతా సమయంలో టీవీ ఆపేసి ఉండాలి, లేదా శబ్దం లేకుండా నడవాలి. స్క్రోలింగ్ చదవగలిగే సైజు కొంటే ఆ రెండోది కూడా సాధ్యమే.

పల్చటి టీవీల స్పీకర్లు చాలావాటిలో కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. గోడకు బిగించాక మాట గోడను తాకి మూలుగుతుంది. వినపడక శబ్దం పెంచితే గదిలో ప్రతిధ్వని పెరుగుతుందే తప్ప మాట తేటపడదు. సౌండ్‌బార్‌ను టీవీ కిందే, జనం వైపు తిప్పి పెడితే తక్కువ శబ్దంతోనే వెనకవాళ్లకు మాట అందుతుంది. విడి సబ్‌వూఫర్ ఉన్న సెట్ వద్దు. వార్తలకు దడదడలు అక్కర్లేదు, పక్క ఇళ్లవాళ్లతో గొడవ తప్ప. మాటలను తేటగా వినిపించే "వాయిస్" లేదా "న్యూస్" మోడ్ ఉన్నది చూసి, దాన్ని టీవీలో హెచ్‌డీఎంఐ ఆర్క్ అని రాసి ఉన్న పోర్టుకు కలిపితే ఒకే రిమోట్‌తో పని జరిగిపోతుంది.

ఛానెళ్లకు నెలనెలా చందా లేని ఉచిత డిష్‌లో మనకు కావలసిన వార్తల ఛానెళ్లు వస్తుంటే అదే మొదటి ఎంపిక. జోరువాన పడేటప్పుడు కాసేపు బొమ్మ ఆగుతుంది, అంతే. చందా ఉన్న కనెక్షన్ తీసుకుంటే, ఇంటి ప్యాకేజీని పదిమంది చూసే చోట వాడనిస్తారో లేదో ముందే అడగాలి. ఇంటర్నెట్ మీద మాత్రమే ఆధారపడొద్దు. హెచ్‌డీలో గంట చూస్తే రెండు మూడు జీబీ డేటా పోతుంది. పైగా స్మార్ట్ టీవీలో ఎవరి ఖాతా ఉంటే వాళ్లు చూసినవన్నీ అందరి ముందూ సిఫారసులుగా వచ్చి పడతాయి. సొంత ఖాతాలు ఎవరూ పెట్టకూడదు. మందిరం పేరు మీద ఒక ఖాతా, నాలుగంకెల పిన్, ఆ పిన్ లైబ్రేరియన్ దగ్గర మాత్రమే.

పెట్టె వచ్చిన రోజు దాన్ని నిలువుగానే ఉంచాలి, పడుకోబెట్టొద్దు. సంతకం చేసేముందు తెర మూలలు చూసి, టీవీ ఆన్ చేయించి తెల్లటి బొమ్మ మీద నల్ల చుక్కలు, గీతలు లేవని చూసుకోవాలి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు "హోమ్" మోడ్ కావాలా "స్టోర్" మోడ్ కావాలా అని అడుగుతుంది. హోమ్ నొక్కాలి. స్టోర్ నొక్కితే వెలుగు ఎప్పుడూ నిండుగా ఉండి, మనం మార్చిన సెట్టింగులు నిలవవు. ఖాళీ పెట్టెను, థర్మోకోల్‌ను పాత పత్రికల గదిలో అటక మీద ఉంచండి. రిపేరుకు పంపాల్సి వస్తే ఇంత పెద్ద తెర వేరే పెట్టెలో పట్టదు.